వైజాగ్‌లో పెళ్లి ఆల్బమ్ చేయించేవాళ్లు జాగ్రత్త: వద్దన్నా మా చెల్లి చెంప మీది మచ్చ చెరిపేశారు

అందరికీ నమస్కారం. విశాఖలో పెళ్లిళ్ల సీజన్‌కి ఫొటోగ్రాఫర్లను మాట్లాడుకుంటున్న వాళ్లు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ముఖం మీద పుట్టుమచ్చో, కాలిన గుర్తో, బొల్లి మచ్చో ఉన్నవాళ్లు ఇది చదవండి. స్టూడియో పేరు రాయడం లేదు. ఈ అలవాటు చాలాచోట్ల ఉంది కాబట్టి, పేరు కన్నా జరిగింది తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

మా చెల్లికి ఎడమ చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా పుట్టుకతో వచ్చిన ఎర్రమచ్చ ఉంది. చెవి తమ్మె మీదికి కూడా కొంచెం పాకి ఉంటుంది. డాక్టర్లు దీన్ని పోర్ట్ వైన్ స్టెయిన్ అంటారు. చర్మంలోని సన్నటి రక్తనాళాలు వెడల్పుగా ఉండిపోవడం వల్ల వస్తుంది. మనిషితో పాటే పెరుగుతుంది, దానంతట అది పోదు. అది లేని ముఖం మా చెల్లికి ఏనాడూ లేదు.

అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే తను స్వయంగా చెప్పింది. "చెంప మీద మచ్చని ముట్టుకోవద్దండి. కుడి మణికట్టు మీద నూనె పడి కాలిన మచ్చ ఉంది, దగ్గర్నుంచి తీసిన ఫొటోల్లో అది కాస్త తగ్గించండి చాలు." మొటిమలుంటే తీసేయమని కూడా చెప్పింది. వాళ్లు తలూపారు.

ఆల్బమ్ చేతికొచ్చాక చూస్తే అంతా తిరగబడింది. జీలకర్ర బెల్లం ఫొటో రెండు పేజీల నిండా వేశారు. అందులో చెంప నున్నగా, మచ్చ అన్నదే లేకుండా ఉంది. పెళ్లికొడుకు తల మీద పెట్టిన చేతికి మాత్రం కాలిన మచ్చ ఉన్నది ఉన్నట్టే కనిపిస్తోంది. చెంప మీద రంగు తీసేసినవాళ్లు చెవి తమ్మె మీద ఎరుపు మర్చిపోయారు. పేజీ తిప్పితే అప్పగింతల్లో అమ్మని పట్టుకుని ఏడుస్తున్న ఫొటో. ముఖం పక్కకి తిరిగి ఉండటంతో అక్కడ మచ్చ సగం ఉంది, సగం పోయింది. చెల్లి ఆల్బమ్ మూసేసి, "అక్కా, ఈ అమ్మాయెవరు?" అంది.

అడిగితే స్టూడియో ఆయన చెప్పింది ఇది: "పెళ్లికూతురు అందంగా కనబడాలని మామూలుగా మేమే తీసేస్తాం మేడమ్, ఎవరూ ఏమీ అనరు." తను వద్దన్న సంగతి ఎడిటర్ దాకా వెళ్లనే లేదు.

తర్వాత ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్న ఇంకొక రీటచర్‌కి చూపిస్తే అసలు సంగతి అర్థమైంది. పెళ్లి ఫొటోలు వేలల్లో ఉంటాయి కాబట్టి కొన్నిచోట్ల చర్మం నున్నగా చేసే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఒకేసారి వేసేస్తారు. దానికి మొటిమ ఎరుపుకీ పుట్టుమచ్చ ఎరుపుకీ తేడా తెలియదు. ముఖం ఎదురుగా ఉన్నచోట పూర్తిగా చెరిపేస్తుంది, పక్కకి తిరిగినచోట సగంలో ఆగిపోతుంది. చేతుల జోలికి పోదు, ఎందుకంటే అది వెతికేది ముఖాల్నే. మా ఆల్బమ్‌లో జరిగింది అచ్చం ఇదే.

ఫొటోలు మళ్లీ ఆ రీటచర్‌తోనే చేయించాం. ఆయన పని చేసిన తీరు వివరంగా రాస్తున్నాను, మంచి పని ఎలా ఉంటుందో మీకు తెలియాలి. ముందు చెల్లినే మానిటర్ ముందు కూర్చోబెట్టి అడిగారు. నన్ను గానీ అమ్మని గానీ కాదు. వారం పది రోజుల్లో పోయే మొటిమ, గీత లాంటివి మామూలుగా తీసేస్తానని, ఒంటి మీద శాశ్వతంగా ఉండేది మాత్రం ఆ మనిషి చెబితేనే ముట్టుకుంటానని అన్నారు. మణికట్టు మచ్చ చూపించి "పూర్తిగా పోవాలా, తగ్గితే చాలా?" అని అడిగారు. తగ్గితే చాలంది చెల్లి. అసలు ఫొటోని కదపకుండా పైన వేరే లేయర్ మీద పనిచేశారు. ఆ మచ్చ కాస్త ఉబ్బుగా ఉంటుంది కాబట్టి దాని అంచున పడే నీడని కొంచెం తేలికచేసి, మెరుపుని కొంచెం తగ్గించి, చివర్లో ఆ లేయర్ బలాన్ని సగానికి దించారు. చర్మం మీది సన్న గీతలు, రోమాలు అలాగే ఉన్నాయి. ఒక్క ఫొటో చూపించి, తను సరేనన్నాకే మిగతావాటికి వెళ్లారు.

చెంప మచ్చ విషయంలో ఆయన చెప్పిన మాట నాకు కొత్త. మచ్చ జోలికి పోకపోయినా, రంగులు మార్చేటప్పుడు అది చెడిపోవచ్చట. కాంట్రాస్ట్ పెంచి, ఎరుపు పెంచే రెడీమేడ్ సెట్టింగ్ వేస్తే గులాబీ రంగు మచ్చ ఊదాగా తిరుగుతుంది. అందుకే చెల్లిని కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూసి, ఫొటోలో ఎక్కువైన ఎరుపుని ఆ చోట మాత్రం అసలు రంగుకి తీసుకొచ్చారు. మచ్చ ఎంత ఉందో అంతే ఉంది, అంచులు కూడా మారలేదు.

మచ్చ తీయించుకోవడం తప్పని నేను అనడం లేదు. మా పిన్ని కూతురికి గడ్డం కింద కుట్ల గుర్తు ఉంది. రిసెప్షన్ ఫొటోల్లో అది కనిపించకూడదని తనే అడిగింది, తీసేశారు, తనకి సంతోషం. అది తన ఇష్టం, ఎడిటర్ గానీ బంధువులు గానీ దానికి కారణాలు అడగక్కర్లేదు. కాకపోతే పూర్తిగా తీయించుకుంటే ఆల్బమ్‌లో దగ్గర్నుంచి తీసిన ప్రతి ఫొటోలోనూ తీయాలి, లేకపోతే మా ఆల్బమ్ లాగే తయారవుతుంది. అత్తగారో, ఆడపడుచో ఫోన్ చేసి "ఆ మచ్చ కాస్త చూడండి" అంటే మాత్రం స్టూడియో ఆగి ఆ అమ్మాయినే అడగాలి.

డబ్బు కట్టే ముందు మీరు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఏ మచ్చ ఉంచాలి, ఏది తగ్గించాలి అన్నది వాట్సాప్‌లో రాసి పంపించి, ఎడిట్ చేసే మనిషికి అందిందని జవాబు తెప్పించుకోండి. ఎడిట్ చేయని ఫొటోలన్నీ మీ హార్డ్‌డిస్క్‌లోకి వచ్చాకే బ్యాలెన్స్ ఇవ్వండి. మేం అవి తీసుకోగలిగాం కాబట్టే మళ్లీ చేయించగలిగాం. ఆల్బమ్ డిజైన్ పంపితే ఫోన్లో పైపైన చూసి ఓకే అనకండి. పెద్ద స్క్రీన్ మీద చెవి, మెడ, జుట్టు మొదలు దగ్గర జూమ్ చేసి చూడండి. పని దొరికిపోయేది అక్కడే. చెంప మీద చర్మ రంధ్రాలు లేకుండా, నుదుటి మీద ఉంటే చెయ్యి పడిందని అర్థం.

ఇంకో సంగతి. పాస్‌పోర్ట్, వీసా ఫొటోల్లో మీరు అడిగినా ఎవరూ మచ్చ తీయకూడదు. ఫొటో మనిషితో సరిపోలాలి. మన పదో తరగతి సర్టిఫికెట్లలో గుర్తింపు చిహ్నాలుగా పుట్టుమచ్చలే రాస్తారని మర్చిపోకండి. పెళ్లి ఎడిట్లలోంచి ఒక ముఖం కత్తిరించి పాస్‌పోర్ట్ సైజు ప్రింట్లు ఇస్తే తీసుకోవద్దు.

మా స్టూడియో మళ్లీ ప్రింట్ వేయడానికి ఇంకా ఒప్పుకోలేదు. వాట్సాప్ మెసేజ్‌లు, రెండు రకాల ఫొటోలు, రసీదు కలిపి పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాం. తేలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. సంఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మీ ఆల్బమ్ ఇంకా డిజైన్ దశలోనే ఉంటే ఈ రోజే ఫోన్ చేసి, ముఖాలకి ఆటోమేటిక్ ఎడిట్ వేశారేమో అడగండి. ప్రెస్‌కి వెళ్లాక ఆపడం కుదరదు.