అన్నీ ముందే కొనేసే మా బావకి ఏమివ్వాలి: కలంకారీయా, పాత వాచీ రిపేరా?

మా అక్క మొగుడికి బహుమతి ఇవ్వడం మా ఇంట్లో ఏటా వచ్చే తలనొప్పి. ఏదైనా కావాలనిపిస్తే ఆ నిమిషమే ఫోన్ తీస్తాడు, సాయంత్రానికి డబ్బా గుమ్మంలో ఉంటుంది. ఒక పుట్టినరోజుకి ఎయిర్ ఫ్రయర్ పట్టుకెళ్తే వంటింట్లో అప్పటికే ఒకటి ఉంది, అదీ నేను తెచ్చినదానికంటే పెద్దది. ఇంకో ఏడాది ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్ళాను. "ఒరేయ్ బామ్మర్దీ, మొన్ననే తెప్పించాను, డ్రైఫ్రూట్‌వి, తిను" అని నాకే పెట్టాడు.

అప్పటికి ఒక సంగతి బుర్రకెక్కింది. ఇలాంటి మనిషిని ఖరీదుతో ఓడించలేం. ఇవాళ డబ్బిచ్చి ఇవాళే తెచ్చుకోగలిగింది ఏదైనా ఆయన దగ్గర ఉంటుంది, లేకపోతే రేపటికి వస్తుంది. ఇక మిగిలేవి తయారవడానికి నెలలు పట్టేవి, లేదా ఏ కొట్లోనూ దొరకనివి. రెండు రకాలూ ఆయన మీదే ప్రయోగించి చూశాను. గిఫ్ట్ కార్డుల మాట ఎత్తను. కొనడమే జబ్బైన వాడికి కొనుక్కోమని డబ్బివ్వడం అది.

మొదటిది, గృహప్రవేశానికి శ్రీకాళహస్తి కలంకారీ. గిరిజా కల్యాణం బొమ్మ, హాల్లో సోఫా వెనక గోడకి సరిపడా, చేత్తో వేయించాలని ఆర్డరిచ్చాను. మచిలీపట్నం కలంకారీ అచ్చులతో అద్దేది. కాళహస్తిది కలంతో గీసేది, అందుకే అడిగినవాళ్ళకి అడిగిన బొమ్మ వేస్తారు. కలమంటే వెదురు పుల్లే, రంగు పట్టడానికి దానికి గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తారు. ముందు బట్టని కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఎండేస్తారు. పాలలోని వెన్న వల్ల రంగు పక్కకి పాకదు. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసుకుని, దాని మీద నల్ల గీత వేస్తారు. ఆ నలుపు తుప్పు ఇనుము, బెల్లం, నీళ్ళు కలిపి వారాల తరబడి ఊరబెట్టిన కసిమి. కుండలో చూస్తే అదేమంత నల్లగా ఉండదు. బట్టలోని కరక్కాయ తగిలాకే నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, ఆరాక రంగు నీళ్ళలో ఉడికిస్తారు. మధ్యమధ్యలో పారే నీళ్ళలో ఉతకడం, మళ్ళీ ఎండేయడం ఉండనే ఉంటుంది.

ఈ వరసలో ఎండ ఎన్నిసార్లు కావాలో చూడండి. నేను ఆర్డరిచ్చింది ఆగస్టులో. కాళహస్తి వైపు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి, సరిగ్గా ఉతుకుడు పని మొదలయ్యే వేళకి. ఎండ చాలని బట్ట మీద తొందరపడితే రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుందని వేసేవాళ్ళు ఆపేశారు. వాళ్ళది తప్పనను, అడక్కుండా తేదీ పెట్టుకున్నది నేను. గృహప్రవేశానికి గోడ మీద మేకు మాత్రమే ఉంది. బొమ్మ మూడు వారాల తర్వాత వచ్చింది. ఆర్డర్ ఫిబ్రవరిలో ఇచ్చుంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

వచ్చాక బావ మొహం వెలిగింది, నిజమే. పది నిమిషాలకి ఫోన్ తీసి వెతికాడు. "ఇదే బొమ్మ ఆరొందలకి ఉందిరా!" మిషను మీద అచ్చేసిన బట్ట అది. తేడా చూపించడానికి బొమ్మని వెనక్కి తిప్పాను. చేత్తో వేసినదానికి నల్ల గీత వెనక వైపు కూడా దిగి ఉంటుంది. గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. అమ్మవారి వెనక నిలబడ్డ చెలికత్తెల మొహాలు ఏ రెండూ ఒకేలా లేవు. మిషను అచ్చులో అయితే వెనక తెల్లగా వెలవెలబోతూ ఉంటుంది, మొహాలన్నీ ఒకే మొహం. ఒప్పుకున్నాడు. కానీ ధర వెతకడానికి వీలున్న వస్తువు ఇస్తే ఆయన ధర వెతికి తీరతాడని నాకు అర్థమైంది.

రెండోది ఈ ఏడాది యాభయ్యో పుట్టినరోజుకి. వాళ్ళ నాన్నగారిది ఒక హెచ్‌ఎంటీ వాచీ ఉంది, కీ ఇచ్చేది, డయల్ మీద హిందీలో 'జనతా' అని రాసి ఉంటుంది. మావయ్యగారు రైల్వేలో చేసినన్నాళ్ళూ అదే పెట్టుకున్నారట. ఆయన పోయాక బీరువాలో, పాత రేషన్ కార్డు పక్కన ఆగిపోయి పడుంది. బెంగళూరులో సిటిజన్ వాళ్ళ సాయంతో 1961లో మొదలైన ఆ వాచీల తయారీకి 2016లో తాళం పడింది. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో కొత్తవని ఎర్రగా, పచ్చగా మెరిసేవి చాలా అమ్ముతుంటారు. వాటిలో చాలావరకు పాత మిషనుకి కొత్త డయల్ వేసినవే. బావ అలాంటివి పది కొనగలడు. మావయ్యగారిది కొనలేడు.

అక్క దాన్ని బీరువాలోంచి తీసి నా చేతిలో పెట్టింది, "పోగొడితే నన్ను చంపేస్తారు" అంటూ. ఈ దారిలో ఉన్న అసలు ప్రమాదం అదే. వస్తువు మనది కాదు, అడిగి తీసుకున్నదీ కాదు. రిపేరు కొట్లో ఇచ్చే ముందు వెనక మూత తీయించి లోపలి మిషనుకి, డయల్‌కి ఫొటోలు తీసుకున్నాను.

పాత వాచీ ఆగిపోయిందంటే చాలాసార్లు ఏదీ విరిగి కాదు, లోపలి నూనె ఎండి జిగురుగా మారి. దాని మీద ఇంకో చుక్క నూనె వేసి ఇచ్చేవాళ్ళు ఉంటారు. నాలుగు రోజులు తిరిగి మళ్ళీ ఆగుతుంది. చక్రాలన్నీ విప్పి, కడిగి, చక్రాల ఇరుసులు తిరిగే చిన్న రాళ్ళ దగ్గర కొత్త నూనె పెట్టే మనిషి కావాలి. నేను వెళ్ళిన చోట ముసలాయన పనిమంతుడే, కాకపోతే చేయి ఊరుకోదు. "డయల్ కొత్తది వేస్తాను, మూతకి పాలిష్ కొడతాను, పెళ్ళికొడుకులా ఉంటుంది" అన్నాడు. వెనక మూత మీద మావయ్యగారు సూదితోనో దేనితోనో గీసుకున్న రెండక్షరాలున్నాయి. పాలిష్ కొడితే అవి పోయేవి. "అద్దం మార్చండి, లోపల కడగండి, ఇంకేదీ ముట్టుకోవద్దు" అని చీటీ మీద రాయించి వచ్చాను. తొమ్మిదొందలు, పన్నెండు రోజులు.

తెచ్చాక మూడు రోజులు నా దగ్గరే పెట్టుకుని చూశాను. ఉదయం కీ నిండా ఇస్తే మర్నాడు సాయంత్రం దాకా నడవాలి, నడిచింది. రోజుకి నిమిషం అటూ ఇటూ తేడా ఉంది, అంత వయసు వాచీకి అది తప్పు కాదు. రాత్రికే ఆగిపోయి ఉంటే తిరిగి ఇచ్చేసేవాణ్ణి.

కాబట్టి నా లెక్క ఇది. ఇంట్లో ఆగిపోయిన పాత వస్తువు ఒకటి ఉండి, దాన్ని వాడిన మనిషి అవతలివాళ్ళకి ముఖ్యమైతే, రిపేరుకే నా ఓటు. ఖర్చూ తక్కువే, రోజులూ తక్కువే. అలాంటిది లేకపోతే, లేదా ఆ జ్ఞాపకం గుచ్చుకునేదైతే, కలంకారీ వేయించండి. చేతిలో ఆరు నెలలు ఉంటేనే సుమా.

బావ వాచీని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మూత తిప్పి ఆ అక్షరాలు బొటనవేలితో తడిమాడు. ఎంతైందని అడగలేదు. దీన్ని పెట్టుకుని చేతులు కడగొద్దని, నీళ్ళు పోతే తుప్పేనని చెప్పాను, తలూపాడు. మర్నాడు అక్క ఫోన్ చేసింది. వాచీకి సరిపోయే తోలు బెల్టులు మూడు రంగుల్లో ఇంటికొచ్చాయట.