నిమిషానికి 82 దరువు ఉన్న పాటలతో ఏడాదిన్నరగా పరుగు, సైకిలు

వైజాగ్ బీచ్ రోడ్డులో పొద్దున్నే కాసేపు బండ్లను రానివ్వరు. ఏడాదిన్నరగా నా పరుగు ఆ సమయంలోనే, చెవిలో తెలుగు మాస్ పాటలతో. మొదట్లో హుషారుగా అనిపించిన ప్రతి పాటా లిస్టులో వేసేశాను, ఓ అరవై దాకా. తీరా చూస్తే హుషారు వేరు, వేగం వేరు. గాయకుడు ఎంత గొంతు చించుకున్నా దరువు నిమిషానికి 100 ఉంటే, 156 అడుగులు వేసే నా కాళ్లకు అది అతకదు.

అప్పుడు పాటల్ని కొలవడం మొదలుపెట్టాను. డ్రమ్స్ పూర్తిగా అందుకున్నాక తొడ మీద తాళం వేస్తూ 30 సెకన్లు లెక్కపెట్టాలి. 41 దెబ్బలు పడితే నిమిషానికి 82. అదే పాటకు కొన్ని యాప్‌లు 164 అని చూపిస్తాయి, కంగారు పడక్కర్లేదు. 82 అంటే ఎడమ కాలు పడ్డప్పుడల్లా ఒక దెబ్బ, 164 అంటే ప్రతి అడుగుకూ ఒకటి.

ఆ 164కి రాకముందు ఒక తప్పు చేశాను. ఒకేసారి నిమిషానికి 172 దరువు ఉన్న పాటలు పెట్టుకున్నా. మూడో వారానికి ముంగాలి ఎముక వెంబడి నొప్పి, మెట్లు దిగాలంటే భయం. పది రోజులు ఆపి, ఈసారి 156 మీద ఐదు శాతం మాత్రమే పెంచాను. అలా వచ్చిందే 164. ఆ నొప్పి మళ్లీ రాలేదు.

తీన్మార్ డప్పు గురించి చాలామంది అడుగుతారు. డాన్సుకు దాన్ని మించింది లేదు. కానీ అది మూడేసి దెబ్బలుగా నడుస్తుంది కదా, దెబ్బకో అడుగు వేస్తే ఒత్తు ఒకసారి ఎడమ కాలి మీద, తర్వాత కుడి కాలి మీద పడుతుంది. నాకు అడుగు తడబడేది, మానేశాను. ఇంకో చిరాకు, పాట మొదట్లో వచ్చే డైలాగులు. ఆ అర నిమిషం లయ పోతుంది, అందుకే వాటిని కత్తిరించి పెట్టుకున్నా.

ఆదివారం భీమిలి వైపు సైకిలు. ఇయర్‌ఫోన్స్ ఉండవు, వెనక బస్సు హారన్ వినబడాలి. హ్యాండిల్‌కు చిన్న స్పీకరు, సౌండ్ తక్కువలో. ఇక్కడా అవే 82 దరువు ఉన్న పాటలు: కుడి పెడల్ కిందికి దిగినప్పుడల్లా ఒక దెబ్బ. రుషికొండ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు వీటి విలువ తెలుస్తుంది. కాలు దిగేలోపే దరువు దాటిపోతోందంటే గేరు తగ్గించాల్సిన టైమొచ్చినట్టే. ఇదివరకు మొండిగా అదే గేరులో తొక్కి మోకాళ్లు పట్టేసేవి. దిగుడులో మాత్రం పాటలు దండగ, గాలి హోరులో ఒక్క ముక్క వినబడదు.

కొలిచి ఏరేశాక అరవైలో మిగిలినవి 14. వాటిలో రెండు పాటలు ఇంట్లో వస్తే ఛానల్ మార్చేస్తాను, బీచ్ రోడ్డు మీద మాత్రం అవి లేకుండా ఏడో కిలోమీటరు దాటను.