వీడియో కాల్స్‌కి ఇటుకరంగు కుర్తీ: రెండేళ్లు వాడాక

సీతమ్మధారలో మా అద్దె ఇంటి గోడలన్నీ లేత ఆకుపచ్చ. ఓనరు గారు రంగు మార్చనివ్వరు. రెండేళ్లుగా ఆ గోడ ముందే కూర్చుని రోజుకి నాలుగైదు వీడియో కాల్స్ మాట్లాడుతున్నాను. మొదట్లో వారానికొకరైనా "ఒంట్లో బాలేదా మేడమ్?" అని అడిగేవాళ్లు.

తప్పు బట్టలది. వైజాగ్ ఉక్కకి నేను వేసేవన్నీ తెల్ల కాటన్ కుర్తీలే. నా ల్యాప్‌టాప్ కెమెరా వెలుగుని తనంతట తనే సర్దుకుంటుంది. ఎదురుగా అంత తెలుపు కనబడితే వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం తగ్గించేస్తుంది. కుర్తీ తెల్లగానే ఉంటుంది, చామనఛాయ ముఖం మాత్రం మసిబారుతుంది. నలుపు వేస్తే సరిగ్గా దీనికి తిరగబడి, ముఖం పాలిపోయి నుదురు జిడ్డుగా మెరిసేది.

గోడకి మ్యాచింగని చిలకపచ్చ వేసిన రోజు ఇంకా ఘోరం. అంతా పచ్చగా కనబడేసరికి కెమెరా దాన్ని విరగ్గొట్టడానికి ఊదా కలిపింది, చెంపలు కమిలినట్టయ్యాయి. వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ పెట్టినా పోలేదు. పోదు కూడా, ఎందుకంటే కెమెరా అసలు గదిని చూసి రంగులు సర్దాకే సాఫ్ట్‌వేర్ గోడని దాచేది. ఇక పసుపు కుర్తీ, కిటికీ వెలుగులో గడ్డం కిందకి పచ్చటి నీడ కొట్టేది. అమ్మ చూసి "కామెర్లేమోనే, టెస్ట్ చేయించుకో" అంది.

చివరికి ఒక ఆదివారం పదింటికి, రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని, ఇంట్లో ఉన్న చున్నీలన్నీ ఒక్కొక్కటిగా ఛాతీ నిండా కప్పుకుని రికార్డ్ చేశాను. కెమెరా కుదురుకోవాలి కదా, ఒక్కోదానికి అరనిమిషం. బ్యూటీ ఫిల్టర్ ముందే తీసేశాను. అక్కకి పంపితే, "ఆ ఇటుకరంగుది వేసుకున్నప్పుడు నిద్రపోయి లేచినదానిలా ఉన్నావే" అంది.

కారణం వింతేమీ కాదు. మరీ లేతా మరీ ముదురూ కాని రంగు కాబట్టి కెమెరా కంగారు పడదు. ఆకుపచ్చ గోడ ముందు భుజాలు విడిగా కనబడతాయి. గడ్డం కిందకి వచ్చే కాస్త ఎరుపు మెరుపు ముఖానికి రక్తం పట్టినట్టు చేస్తుంది. నిండు ఎరుపు మాత్రం వద్దు. నా కెమెరాలో అది మడతలు కూడా కనబడని ఒకే ముద్ద.

ఆ చున్నీ రంగులోనే మంగళగిరి కాటన్ కుర్తీలు మూడు కుట్టించుకున్నాను. అందులో సన్న గళ్లది దండగ, కదిలినప్పుడల్లా గళ్లు తెర మీద చీమల్లా పాకేవి. మిగతా రెండూ ఉతికి ఉతికి కాస్త వెలిశాయి, అయినా పని చేస్తున్నాయి. రాత్రి ట్యూబ్‌లైటు కింద ఈ రంగు కూడా నల్లబడుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ వెనక గోడ మీదకి టేబుల్ ల్యాంప్ తిప్పుకుంటే సరిపోతోంది.

తెల్లవి పారేయలేదు. కెమెరా ఆపేసినా ఎవరూ అడగని శుక్రవారం మీటింగులకి అవే.