సీఏ ఇంటర్: రెండు గ్రూపులూ కలిపి రాయాలా, ఒక్కోటి రాయాలా?

చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర టీ తాగే సీఏ పిల్లలను అడిగితే సగం మంది చెప్పే సలహా ఒకటే: "రెండు గ్రూపులూ కట్టెయ్, సెట్ ఆఫ్ ఉంటుంది." ఆ మాట నిజమే. కానీ సెట్ ఆఫ్ ఏ లోటును పూడుస్తుందో, దేన్ని ముట్టుకోదో తెలియకుండా ఫీజు కట్టేవాళ్లే ఎక్కువ.

ముందు రూలు చూద్దాం. 2024 నుంచి నడుస్తున్న కొత్త స్కీములో ఇంటర్‌కి గ్రూపుకి మూడు చొప్పున ఆరు పేపర్లు, ఒక్కోటి 100 మార్కులకు. గ్రూపు పాస్ కావాలంటే ప్రతి పేపర్‌లో కనీసం 40, మూడూ కలిపి 150 రావాలి. రెండు గ్రూపులూ ఒకే అటెంప్ట్‌లో రాసినవాళ్లకు మాత్రం ఇంకో దారి ఉంది, సెట్ ఆఫ్ అనేది దీన్నే: ఆరు పేపర్లలోనూ కనీసం 40 వచ్చి, మొత్తం 300 ఉంటే చాలు. ఏదో ఒక గ్రూపులో 150 రాకపోయినా రెండూ పాస్ అయినట్టే.

ఒక అమ్మాయి మార్కులు ఇలా వచ్చాయనుకుందాం. మొదటి గ్రూపులో అకౌంట్స్ 62, లా 41, ట్యాక్స్ 44, మొత్తం 147. రెండో గ్రూపులో కాస్టింగ్ 58, ఆడిట్ 52, ఎఫ్ఎం-ఎస్ఎం 49, మొత్తం 159. మొదటి గ్రూపు ఒక్కటే రాసి ఉంటే మూడు మార్కుల్లో పోయేది. రెండూ కలిపి రాసింది కాబట్టి మొత్తం 306, ఆరింటిలోనూ 40 దాటింది. పాస్. కాస్టింగ్‌లో మిగిలిన మార్కులు వెళ్లి మొదటి గ్రూపు లోటు తీర్చాయి.

ఇప్పుడు అదే అమ్మాయికి లాలో 38, ట్యాక్స్‌లో 56 వచ్చాయనుకోండి. మొదటి గ్రూపు 156. రెండో గ్రూపులో 58, 45, 44, మొత్తం 147. రెండూ కలిపి 303, అంటే 300 దాటింది. అయినా రెండు గ్రూపులూ పోతాయి. మొదటి గ్రూపు లాలో 38 వల్ల పోయింది. రెండో గ్రూపుకి 150 లేదు కాబట్టి సెట్ ఆఫ్ కావాలి, కానీ ఆరు పేపర్లలోనూ 40 ఉంటేనే సెట్ ఆఫ్ పనిచేస్తుంది. లా పేపర్‌లో తగ్గిన రెండు మార్కులు దానితో సంబంధం లేని కాస్టింగ్ గ్రూపును కూడా ముంచాయి. చాలామంది మొత్తం కూడుకొని 300 దాటిందని సంబరపడేది ఇక్కడే. రిజల్ట్ చూసేటప్పుడు ముందు ఆరు పేపర్లలో 40 చూడాలి, తర్వాత ఒక్కో గ్రూపులో 150, అది లేకపోతేనే 300.

ఒక్కో గ్రూపు రాసేవాళ్లకు సెట్ ఆఫ్ లేదు, కానీ చదవడానికి టైమ్ దొరుకుతుంది. వాళ్లకు ఎగ్జెంప్షన్ కూడా ఉంది (రెండూ రాసినవాళ్లకూ ఉంటుంది లెండి): గ్రూపు పోయినా ఏదైనా పేపర్‌లో 60 లేదా ఆపైన వస్తే, తర్వాతి మూడు అటెంప్ట్‌ల వరకు ఆ పేపర్ మళ్లీ రాయక్కర్లేదు. ఆ మార్కులు గ్రూపు మొత్తంలో కలుస్తాయి. అంటే అకౌంట్స్‌లో 62 ఉన్న అమ్మాయికి వచ్చేసారి లా, ట్యాక్స్ కలిపి 88 వస్తే సరిపోతుంది, చెరొక 44. అదే 58 వచ్చి ఉంటే ఏమీ మిగలదు, మూడూ మళ్లీ రాయాలి. గ్రూపు కష్టం అనిపించినప్పుడు మూడు పేపర్లూ 45 దగ్గర నిలబెట్టడం కంటే గట్టి పేపర్‌ను 60 దాటించడం మేలనేది నా లెక్క.

ఇంకో విషయం కూడా తూచాలి. కొత్త స్కీములో రెండు గ్రూపులూ పూర్తయితే గానీ ఆర్టికల్‌షిప్ మొదలవదు. ఒక గ్రూపు ముందే పాసైనా సోమాజిగూడలో ఏ ఆడిట్ ఫర్మ్‌లోనూ ఆర్టికల్‌గా చేరలేం. ఆ లెక్కన ఒక్కో గ్రూపు రాయడం వల్ల టైమ్ కలిసొచ్చేదేం లేదు.

నన్నడిగితే మాక్ టెస్టుల మొత్తాన్ని చూసి నిర్ణయించుకోవద్దు. ఆరింటిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన పేపర్ చూడాలి. అది మాక్‌లలో 45 పైనే నిలుస్తూ, మొత్తం 300 అటూ ఇటూగా ఉంటే రెండూ కలిపి రాయండి, సెట్ ఆఫ్ ఉన్నది మీలాంటివాళ్ల కోసమే. ఏ రెండు పేపర్లో 35 దగ్గర ఊగుతుంటే, మిగతా నాలుగూ 65 వచ్చినా సరే, ఒక గ్రూపే కట్టండి. ఆ రెండూ ఒకే గ్రూపులో ఉంటే ముందు అవతలి గ్రూపు రాసేయండి. గ్రూపులు వరుసలోనే రాయాలన్న నిబంధన లేదు.