స్విఫ్ట్‌కి పాత అలాయ్ చక్రాలు: ఆటోనగర్‌లో చూసిన నాలుగు జతల్లో ఏది మేలు?

గుంటూరులో ఉండే మా బావమరిదికి 2014 స్విఫ్ట్ వీఎక్స్ఐ ఉంది. కంపెనీ నుంచి వచ్చిన 14 అంగుళాల స్టీలు రిమ్ములు తీసేసి, 15 అంగుళాల పాత అలాయ్‌లు వేయించాలని ముచ్చటపడ్డాడు. ఒక ఆదివారం ఇద్దరం విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. అక్కడ నాలుగేసి చక్రాలున్న నాలుగు జతలు నచ్చాయి. నాలుగూ నాలుగు నట్లతో బిగించేవే. ప్రతి చోటా ఒకే మాట విన్నాం: "నాలుగు హోల్సేగా అన్నయ్యా, ఎక్కుద్ది."

నిజమే, నాలుగూ ఎక్కుతాయి. కానీ ఎక్కినవన్నీ సరిగ్గా కూర్చున్నట్టు కాదు. నేను ఏ జతని ఎందుకు పక్కన పెట్టానో వివరంగా రాస్తున్నాను.

ముందు స్విఫ్ట్‌కి ఏం కావాలో చెప్పుకుందాం. దాని పీసీడీ 4×100. అంటే నాలుగు స్టడ్‌ల మధ్యబిందువులను కలుపుతూ వృత్తం గీస్తే దాని వ్యాసం 100 మిల్లీమీటర్లు. హబ్ మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి అంచు వ్యాసం ఇంచుమించు 54 మిల్లీమీటర్లు కాబట్టి చక్రం నడిమధ్య రంధ్రం, అంటే సెంటర్ బోర్, 54.1 ఉంటే అక్కడ బిగుతుగా కూర్చుంటుంది. స్టడ్ మర ఎం12×1.25, అంటే స్టడ్ లావు 12 మిల్లీమీటర్లు, మర చుట్ల మధ్య దూరం 1.25. నట్టు మూతి 60 డిగ్రీల కోను. ఈ చివరి రెండు సంగతులూ ఎవరూ అడగరు, అమ్మేవాళ్లూ చెప్పరు. ఒక జతని మేం వదిలేసింది సరిగ్గా వీటి వల్లే.

మొదటి జత ఫియట్ పుంటోది. చూడముచ్చటగా ఉంది, ధర కూడా అన్నిటికన్నా తక్కువే చెప్పారు. పుంటో, లీనియా కార్ల పీసీడీ 4×98, సెంటర్ బోర్ 58.1. స్విఫ్ట్ హబ్ కన్నా బోర్ పెద్దది కాబట్టి చక్రం హబ్ మీదికి హాయిగా జారిపోతుంది. బోల్టు వృత్తంలో తేడా 2 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో స్టడ్ దగ్గర చూస్తే ఒక్కటే. రంధ్రంలో స్టడ్ చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది కాబట్టి ఆ ఒక్క మిల్లీమీటరు అందులో కలిసిపోయి చక్రం పట్టేస్తుంది. ఎయిర్ గన్‌తో బిగిస్తే తేడా ఏమీ తెలియదు.

నాలుగు జతల్లోకీ ప్రమాదకరమైనది ఇదే. నట్టు కోను రంధ్రం మధ్యలో కాకుండా ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. ప్రతి స్టడ్‌నీ చక్రం లోపలికి లాగుతూనే ఉంటుంది. చక్రం తిరిగే ప్రతిసారీ ఆ వంపు మీద బరువు పడి స్టడ్ అలిసిపోతుంది, నట్లు వదులవుతాయి, చివరికి స్టడ్ తెగుతుంది. 4×108 ఉన్న ఫోర్డ్ ఫీగో చక్రంతో ఈ ముప్పు లేదు. అక్కడ ఒక్కో స్టడ్ దగ్గర 4 మిల్లీమీటర్లు తేడా కాబట్టి చక్రం అసలు ఎక్కదు, మోసపోయే వీలూ ఉండదు.

98కీ 100కీ తేడా కంటికి ఆనదు. వెర్నియర్ కాలిపర్ తీసుకెళ్లండి, చిన్నదైనా చాలు. చక్రాన్ని బోర్లా పెట్టి హబ్‌కి ఆనే వైపు నుంచి కొలవాలి. ముందు వైపు నట్టు మూతి కోసం రంధ్రం విచ్చుకుని ఉంటుంది కాబట్టి అక్కడ కొలిస్తే తప్పు వస్తుంది. ఎదురెదురుగా ఉన్న రెండు రంధ్రాల లోపలి అంచుల మధ్య దూరం తీసుకుని, దానికి ఒక రంధ్రం వ్యాసం కలపండి. లోపలి దూరం 86, రంధ్రం 14 అయితే పీసీడీ 100. లోపలి దూరం 84 అయితే 98. ఐదు రంధ్రాల చక్రానికి సరిగ్గా ఎదురు రంధ్రం ఉండదు కాబట్టి పక్కపక్క రంధ్రాల మధ్యబిందువుల దూరాన్ని 1.701తో గుణించాలి.

రెండో జత హోండా సిటీది. నాకు మొదట నచ్చింది ఇదే. పీసీడీ 4×100, కొలిచి మరీ చూశాం. సెంటర్ బోర్ 56.1, అంటే హబ్ చుట్టూ పక్కకి ఒక్కో మిల్లీమీటరు చొప్పున ఖాళీ. ఆ ఖాళీని నింపడానికి హబ్ రింగులు ఉంటాయి. బయట 56.1, లోపల 54.1 కొలతతో ఉన్న రింగు పెడితే చక్రం నడిమధ్యకి వస్తుంది. రింగు బరువు మోయదు. కారు బరువు మోసేది నట్లు బిగించినప్పుడు చక్రానికీ హబ్‌కీ మధ్య పుట్టే రాపిడి. బిగించే క్షణంలో చక్రాన్ని నడిమధ్యన నిలబెట్టడమే రింగు పని. అది లేకపోతే చక్రం వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటుంది. అప్పుడు బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా, కాజ టోల్‌గేట్ దాటి వేగం పెంచగానే స్టీరింగ్ వణుకుతుంది.

ఇంతవరకూ సర్దుకోవచ్చు. చిక్కంతా నట్ల దగ్గర వచ్చింది. హోండా కంపెనీ చక్రాల్లో నట్టు కూర్చునే చోటు కోను కాదు, గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. మొబైల్ టార్చి వేసి రంధ్రం లోపలికి చూస్తే ఆ వంపు స్పష్టంగా కనిపిస్తుంది. స్విఫ్ట్ కోను నట్టుని ఆ గిన్నెలో బిగిస్తే సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. మొదట బిగుసుకున్నట్టే ఉంటుంది, కొన్ని వందల కిలోమీటర్లకి అల్యూమినియం నలిగి వదులవుతుంది. హోండా నట్లే కొందామంటే వాటి మర ఎం12×1.5, స్విఫ్ట్ స్టడ్‌కి పట్టదు. బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. కావలసింది గుండ్రటి మూతి, 1.25 మర, రెండూ ఉన్న నట్టు. రెండు మూడు షాపుల్లో అడిగాం, దొరకలేదు. ఆ పదహారు నట్లు దొరికితే తప్ప ఈ జత వద్దని తేల్చేశాం.

మూడో జత బయటి కంపెనీది, ఎనిమిది రంధ్రాల చక్రం, 15×7జె, అంటే వ్యాసం 15 అంగుళాలు, వెడల్పు 7 అంగుళాలు. వెనక ఈటీ 35 అని పోసి ఉంది. ఇలాంటివి ఒకే చక్రం చాలా కార్లకి పట్టేలా రెండు పీసీడీలతో, పెద్ద బోర్‌తో చేస్తారు. దీని బోర్ 73.1. కోను మూతి కాబట్టి నట్ల చిక్కు లేదు, 73.1 నుంచి 54.1కి హబ్ రింగు కావాలి. మా బావమరిది మనసు పూర్తిగా దీని మీదే ఉంది. అతన్ని వెనక్కి లాగింది ఆఫ్‌సెట్.

చక్రం వెడల్పుకి సరిగ్గా మధ్యగీత నుంచి, హబ్‌కి ఆనే ముఖం ఎంత బయటికి జరిగి ఉందో చెప్పే అంకె ఆఫ్‌సెట్. చక్రం మీద ఈటీ అని ఉండేది ఇదే. అంకె పెరిగితే చక్రం కారు లోపలికి జరుగుతుంది, తగ్గితే బయటికి వస్తుంది. దాన్ని ఒంటరిగా చూస్తే ఏమీ తెలియదు, వెడల్పుతో కలిపి లెక్క వేయాలి. పాత స్టీలు చక్రం 5జె, ఈటీ 45 అనుకుందాం. మీ కారు చక్రం మీద ఏ అంకె ఉంటే అదే తీసుకోండి. 5 అంగుళాలంటే 127 మిల్లీమీటర్లు, సగం 63.5. హబ్ ముఖం నుంచి లోపలి వైపుకి 63.5 + 45 = 108.5, బయటి వైపుకి 63.5 − 45 = 18.5. ఇప్పుడు 7జె తీసుకోండి. 178లో సగం 89. లోపలికి 89 + 35 = 124, బయటికి 89 − 35 = 54.

అంటే చక్రం లోపల స్ట్రట్ వైపుకి 15 మిల్లీమీటర్లు, బయట ఫెండర్ వైపుకి 35 మిల్లీమీటర్లు ఎక్కువ వెళ్తుంది. బయటికి మూడున్నర సెంటీమీటర్లు అంటే చిన్న సంగతి కాదు. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే టైరు ఫెండర్ అంచుని గీరుతుంది. గుంతలో పడినప్పుడు స్టీరింగ్ చేతిలో గుంజుతుంది. హబ్ బేరింగ్ మీద మీట లాగా ఒత్తిడి పెరుగుతుంది. టైరు సైజు అదే ఉంచినా ఇవన్నీ తప్పవు.

వెనక అంకె అరిగిపోయి కనిపించకపోతే కొలవడం తేలికే. చక్రాన్ని బోర్లా పెట్టి, అంచు నుంచి అంచుకి ఒక తిన్నని కర్ర అడ్డంగా వేయండి. కర్ర నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా లోతు కొలవండి. ఆ లోతులోంచి చక్రం మొత్తం వెడల్పులో సగం తీసేస్తే వచ్చేదే ఆఫ్‌సెట్. అయితే మొత్తం వెడల్పు అంటే బయటి అంచు నుంచి బయటి అంచుకి. అది పేరులో చెప్పే జె కొలత కన్నా సుమారు 25 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటుంది. ఈ తేడా మరిచిపోతే ఆఫ్‌సెట్ 12 మిల్లీమీటర్ల దాకా తప్పు వస్తుంది.

నాలుగో జత హ్యుందాయ్ ఐ20ది. చూపులకి సాదాగా ఉంది, ఒక చక్రం అంచు మీద ఫుట్‌పాత్‌కి రాసుకున్న గీతలున్నాయి. పీసీడీ 4×100. సెంటర్ బోర్ 54.1, స్విఫ్ట్‌కి కావలసిందే, రింగు అవసరం లేదు. నట్టు మూతి 60 డిగ్రీల కోను. హ్యుందాయ్ నట్ల మర 1.5 అయినా మనకి దానితో పని లేదు, స్విఫ్ట్ నట్లే వాడతాం. కర్ర వేసి కొలిస్తే వెడల్పు 5.5జె, ఆఫ్‌సెట్ 46 దగ్గర తేలింది. అదే లెక్క వేస్తే లోపలికి 116, బయటికి 24. పాతదానికన్నా లోపలికి ఏడెనిమిది, బయటికి ఐదారు మిల్లీమీటర్లే తేడా. అదే మోడల్ స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐకి కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్15 టైరు దీనికి వేసుకోవచ్చు. పాత 165/80 ఆర్14తో పోలిస్తే మొత్తం వ్యాసం 2 మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి స్పీడోమీటర్ తప్పు చూపించదు.

నా మాట ఐ20 జతకే. గీతలని బఫింగ్‌తో పోగొట్టవచ్చు, 98 పీసీడీని ఎవరూ 100 చేయలేరు.

కాగితం మీద కుదిరినా డబ్బు కట్టే ముందు ఒక చక్రాన్ని కారుకి తగిలించి చూశాం. ముందు ఎడమ చక్రం జాకీ మీద లేపి, హబ్ ముఖం మీద తుప్పుని వైరు బ్రష్‌తో గీకి, టైరు లేని ఒట్టి రిమ్ముని నట్లు లేకుండా చేత్తో తోశాం. రిమ్ము హబ్ అంచు మీదికి బిగుతుగా వెళ్లి, వెనక ముఖం చుట్టూ సమంగా ఆనాలి. చేత్తో పైకీ కిందకీ కదిపితే ఆడకూడదు. తరవాత నాలుగు నట్లూ స్పానర్ లేకుండా వేళ్లతో ఎక్కించాలి. పీసీడీ తేడా ఉంటే ఇక్కడే బయటపడుతుంది, మూడు నట్లు సాఫీగా వెళ్లి నాలుగోది మొరాయిస్తుంది. నట్టు మర అందుకున్న దగ్గర్నుంచి బిగిసేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఈ మరకి కనీసం 8 చుట్లు రావాలి. అలాయ్ మందం స్టీలు కన్నా ఎక్కువ కాబట్టి ఇది తప్పక చూడాలి. బిగించాక చక్రాన్ని మెల్లగా తిప్పుతూ బ్రేక్ కాలిపర్‌కీ రిమ్ముకీ మధ్య 3 మిల్లీమీటర్లయినా సందు ఉందో లేదో చూడండి. చక్రం లోపల అంటించిన బ్యాలెన్సింగ్ సీసపు ముక్కలు కూడా ఆ సందులోనే ఇరుక్కుంటాయి.

టైర్లు ఎక్కించాక స్టీరింగ్‌ని రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూశాం. తరవాత వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి వెనక ఫెండర్ అంచుకీ టైరుకీ మధ్య వేళ్లు పెట్టి చూశాం, రెండు వేళ్లు పట్టాయి. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద ఒక చక్రం కొద్దిగా ఊగింది. అది లోపలి అంచు వంకర. దాని బదులు వేరేది ఇమ్మంటే ఆ షాపతను మారు మాట్లాడకుండా ఇచ్చాడు.

నట్లు చేత్తో, ఎదురెదురుగా ఉన్నవి జంటగా, రెండు విడతల్లో బిగించాం. చివర మాన్యువల్‌లో చెప్పిన బిగువుకి టార్క్ రెంచ్ వాడాం. గుంటూరు వెళ్లి వచ్చాక, అంటే సుమారు 70 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లారనిచ్చి మళ్లీ రెంచ్ పెట్టాం. రెండు నట్లు వెంట్రుకవాసి కదిలాయి, మిగతావి కదల్లేదు. వారం తరవాత ఇంకోసారి పెడితే ఒక్కటీ కదల్లేదు.