గోడమీది పేరు మార్చాలంటే ఫాంటా, ఆ గోడ అక్షరాలేనా: ఏది మేలు?

తిరుపతి రైల్వే స్టేషన్ చుట్టుపక్కల సందుల్లో కనిపించే తరహా గోడ ఒకటి ఫోటోలో ఉందనుకుందాం. గరుకుగా ఉన్న గచ్చుకు సున్నం కొట్టి, దానిపై ఎర్ర రంగుతో ‘యాత్రికులకు గదులు అద్దెకు ఇవ్వబడును’ అని చేత్తో రాశారు. ఒక లఘుచిత్రం పోస్టరు కోసం అందులో ‘గదులు’ తీసి ‘బండ్లు’ అని పెట్టాలి. దీనికి ఫోటోషాప్‌లో రెండు దారులున్నాయి. ఒకటి తెలుగు ఫాంటుతో కొత్త మాట టైపు చేసి గోడకు అతికినట్టు చేయడం, రెండవది ఆ గోడమీదే ఉన్న అక్షరాల ముక్కలతో మాటను కూర్చడం.

ఏ దారిలో వెళ్ళినా ముందు పాత మాటను తుడిచి, దాని కింద ఉండవలసిన గోడను నిలబెట్టాలి. ఇందుకు Healing Brush కన్నా, ఒకచోటి ముక్కను ఉన్నదున్నట్టు మరోచోట అద్దే Clone Stamp నమ్మదగినది, ఎందుకంటే మొదటిది చుట్టూ ఉన్న రంగును కలుపుకొంటుంది కనుక ఎర్ర రంగు అంచు దగ్గర సున్నంమీద గులాబీ మరక పాకుతుంది. పాత అక్షరాల గుండా పోయే పగులును మధ్యలో తెగనివ్వకుండా రెండు కొనలనూ కలపాలి. చెట్టు నీడ పడి ఉంటే నీడలో భాగానికి నీడలోని గచ్చునే, ఎండలో భాగానికి ఎండలోని గచ్చునే తీసుకోవాలి.

ఫాంటు దారిలో ఉన్న పెద్ద బలం నీడ విషయంలోనే తెలుస్తుంది. టైపు చేసిన ఎర్ర అక్షరాల లేయర్‌ను Multiply లో పెడితే కిందనున్న నీడ, పగులు, గచ్చు గరుకు అన్నీ అక్షరంలోంచి వాటంతట అవే కనిపిస్తాయి. ముదురు గోడమీద తెల్ల రాతకు మాత్రం ఇది పనికిరాదు, Multiply లో తెలుపు మాయమైపోతుంది. అక్షరం అంచులు గచ్చు ఎత్తుపల్లాలను అనుసరించడానికి Displace ఫిల్టర్ వాడాలి, దానికి నలుపు తెలుపుల్లో ఒక నమూనా చిత్రం కావాలి. ఇక్కడ ఎర్ర రంగు రాత మనకు మేలు చేస్తుంది. ఫోటోలోని Red ఛానెల్‌లో ఎర్ర అక్షరాలు దాదాపు సున్నంలో కలిసిపోయి, గోడ గరుకు, పగుళ్ళు మాత్రమే మిగులుతాయి. ఆ ఛానెల్‌ను విడిగా PSD ఫైలుగా దాచి, కొంచెం మసక చేసి నమూనాగా ఇస్తే పక్క అక్షరాల ఆకారం కొత్త మాటను వంకర తిప్పదు. జరుపు కొలత కొద్ది పిక్సెళ్ళు దాటితే అక్షరం నీటిలో కదిలినట్టు కనిపిస్తుంది కాబట్టి చిన్న అంకెతో మొదలుపెట్టాలి.

ఇంత చేసినా ఫాంటు ఒకచోట దొరికిపోతుంది. చేతి రాతలో కుంచె మొదట రంగు నిండుగా ఉండి, గీత చివరికి వచ్చేసరికి పలచబడి గచ్చు గుంటల్లోకి దిగక తెల్ల చుక్కలు వదులుతుంది. ఫాంటులో గీత అంతటా ఒకే నిండుదనం ఉంటుంది. Blend If సాయంతో గోడలోని వెలుగు చుక్కలను పైకి తేవచ్చు, కానీ అవి అక్షరమంతా సమంగా వస్తాయి తప్ప కుంచె నడిచిన దిక్కును చూపవు.

గోడ అక్షరాలను అరువు తెచ్చుకుంటే ఆ కుంచె నడక అలాగే దక్కుతుంది. మన మాటకు ‘బ’, ‘డు’ రెండూ ‘ఇవ్వబడును’లో సిద్ధంగా ఉన్నాయి. చిక్కు ‘ల’ వత్తు దగ్గర వస్తుంది. ‘యాత్రికులకు’లోని ‘ల’ను తీసి, చిన్నది చేసి కింద పెడితే ఆకారం సరిపోతుంది గానీ, గీత సన్నబడి, దానితోపాటు గచ్చు రవ్వలు కూడా చిన్నవైపోతాయి. పక్కనున్న ‘డు’తో పోల్చి చూడగానే అది తెలిసిపోతుంది. అందువల్ల వత్తు ఆకారాన్ని సెలెక్షన్‌గా మాత్రమే ఉంచుకొని, పక్క అక్షరాల గీత మందానికి తగినట్టు దాన్ని కొంచెం లావు చేసి, లోపల Clone Stamp తో అసలు సైజులోని ఎర్ర రంగును నింపాలి. సున్నను కూడా అలాగే చేయాలి.

అరువు అక్షరానికి మరో రెండు లోపాలున్నాయి. అది తన చోటి వెలుగును వెంట తెస్తుంది కనుక, నీడలోంచి ఎండలోకి తెచ్చిన ‘బ’ను ఆ లేయర్‌కే తగిలించిన Curves తో వెలుగు పెంచాలి. తన మీది పగులును కూడా తెస్తుంది. ఒకే పగులు రెండుచోట్ల కనిపిస్తే చూసేవారి కన్ను అక్కడే ఆగుతుంది. కొత్తచోటిలో ఆ పగులును ఎర్ర రంగుతోనే పూడ్చి, కింద గోడలోని అసలు పగులును అక్షరం మీదుగా పోనివ్వాలి.

ఈ గోడకు నా ఓటు అరువు అక్షరాలకే, ఎందుకంటే మాటలో ఎక్కువ భాగం అక్కడే అదే సైజులో దొరుకుతోంది. అదే చోట ‘భోజనం ఘుమఘుమ’ వంటి మాట పెట్టాలంటే ‘భో’, ‘జ’, ‘ఘు’ ఎక్కడా లేవు. అప్పుడు ఫాంటు దారి పట్టి, లేయర్ మాస్క్‌పై గరుకు బ్రష్‌తో ఒక్కో గీత చివరనూ చేత్తో పలచబరచడం మేలు. ‘ఘు’ రెండుసార్లు వస్తుంది కనుక రెండవదాన్ని కాపీ చేయకుండా విడిగా పలచబరచాలి. ఏ దారిలో చేసినా పని ముగిశాక బొమ్మను Blue ఛానెల్‌లో చూడాలి. అక్కడ ఎర్ర రంగు నల్లగా కనిపించి, కొత్త అక్షరం పాతవాటికన్నా ఏమాత్రం ముదురుగా ఉన్నా వెంటనే బయటపడుతుంది.