లక్ష ఎఫెక్ట్స్‌లో "ఇలాంటిదే ఇంకోటి" వెతకడం: క్లాప్ ఎంబెడింగ్‌లు రెండేళ్లు వాడాక

నేను సీరియళ్లకు, చిన్న సినిమాలకు సౌండ్ ఎడిటింగ్ చేస్తాను. మా రూమ్‌లో ఉన్న ఎఫెక్ట్స్ లైబ్రరీ లక్ష ఫైళ్లు దాటింది. కొన్న ప్యాక్‌లకు పేర్లు పద్ధతిగానే ఉంటాయి, చెక్క తలుపు అయితే ఫైల్ పేరు `DOORWood` అని మొదలవుతుంది. మేం బయట రికార్డ్ చేసుకున్నవి మాత్రం చాలావరకు `ZOOM0047.WAV` లాగే ఉండిపోయాయి. పేరుతో వెతికితే అవి ఎప్పటికీ దొరకవు. అందుకే శబ్దాన్నే ఇచ్చి, దాన్ని పోలిన శబ్దాలు అడిగే పద్ధతికి మారాను. రెండేళ్లు దాటింది. ఇప్పుడు అది లేకుండా పని మొదలుపెట్టను, కానీ దాని మాట పూర్తిగా నమ్మను కూడా.

నేను వాడేది `laion/clap-htsat-unfused` అనే క్లాప్ మోడల్. ఉచితంగా దొరుకుతుంది. ఒక ఆడియో ముక్క ఇస్తే 512 అంకెల వరుస ఒకటి ఇస్తుంది, దాన్నే ఎంబెడింగ్ అంటారు. మోడల్ దృష్టిలో ఒకేలాంటి శబ్దాలకు ఈ వరుసలు దగ్గరదగ్గరగా వస్తాయి. లైబ్రరీ మొత్తానికీ ఒక్కసారి ఈ అంకెలు తీసి పెట్టుకుంటే, ఆ తర్వాత వెతకడమంటే అంకెలు పోల్చడమే. రెండు వరుసలు ఎంత దగ్గరో చెప్పేది స్కోర్, అచ్చంగా ఒకటే అయితే అది 1. ఒక్కో వరుస 2 కేబీ. పది లక్షల ముక్కలైనా 2 జీబీలో సరిపోతాయి. కాబట్టి పెద్ద డేటాబేస్ సరంజామా ఏమీ అక్కర్లేదు. ఫైస్ అనే పైథాన్ లైబ్రరీలో అన్నిటికంటే సాదా ఇండెక్స్ చాలు. కింద `vectors` అంటే మన ఎఫెక్ట్స్ వరుసలన్నీ, `query` అంటే ప్రశ్నగా ఇచ్చే శబ్దం వరుస:

```python
import faiss
faiss.normalize_L2(vectors)
index = faiss.IndexFlatIP(512)
index.add(vectors)
faiss.normalize_L2(query)
scores, ids = index.search(query, 200)
```

ఎంబెడింగ్‌లు తీయడానికి మాత్రం టైమ్ పడుతుంది. గ్రాఫిక్స్ కార్డ్ లేని మెషీన్ అయితే రాత్రుళ్లు వదిలేయాలి. ఒకసారి అయిపోయాక సమాధానం క్లిక్ చేసేలోపే వచ్చేస్తుంది.

అసలు చిక్కు పది సెకన్ల దగ్గర ఉంది. ఈ మోడల్ ఒకసారికి పది సెకన్లే వింటుంది. మూడు నిమిషాల రాత్రి యాంబియన్స్ ఇస్తే, మామూలు సెట్టింగ్‌లో అందులోంచి ఎక్కడో ఒక పది సెకన్లు యాదృచ్ఛికంగా కోసుకుని, దానికే అంకెలు ఇస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఒకే పొడవాటి ఫైల్‌ను రెండుసార్లు ఇచ్చి, వచ్చిన రెండు వరుసల్నీ పోల్చి చూడండి. స్కోర్ 1 రాకపోతే మీ దగ్గర కూడా అదే జరుగుతోందని అర్థం. నేను ప్రతి పొడవాటి ఫైల్‌నూ పది సెకన్ల ముక్కలుగా, ఐదేసి సెకన్లకు ఒకటి చొప్పున ముందే కోసి ఇస్తాను. మూడు నిమిషాల ఫైల్‌కి 35 ముక్కలు వస్తాయి. వాటి సగటు తీసి ఫైల్‌కి ఒకే వరుస పెట్టుకోమని చాలామంది చెబుతారు గానీ, నాకు అది నచ్చలేదు. కీచురాళ్ల మధ్య ఒక్కసారి కుక్క మొరిగితే, ఆ మొరుగు సగటులో కలిసి మాయమవుతుంది. ముక్కలన్నీ విడిగా ఉంచుకుంటే "ఫలానా ఫైల్, 1:25 దగ్గర" అని చోటు కూడా తెలుస్తుంది. ఎడిటర్‌కి కావలసింది అదే కదా.

చిన్న శబ్దాల కష్టం దీనికి ఎదురు. 0.4 సెకన్ల స్విచ్ క్లిక్ ఇస్తే, పది సెకన్లు నింపడానికి మోడల్ ముందున్న ప్రాసెసర్ దాన్నే 25 సార్లు వరసగా అతికిస్తుంది. ఇక మోడల్‌కి వినిపించేది స్విచ్ కాదు, టకటకటక. ఫలితాల్లో టైప్‌రైటర్లు, గడియారాలు, ఒకసారి కుట్టు మిషన్ కూడా వచ్చింది. ఇది తెలిసేదాకా మోడల్ పనికిరాదనే అనుకున్నాను. ప్రాసెసర్‌కి `padding="pad"` అని చెబితే మిగతా చోటు నిశ్శబ్దంతో నింపుతుంది. అప్పుడు ఇంకో తంటా: అన్నిటికీ తొమ్మిదిన్నర సెకన్ల నిశ్శబ్దం ఉమ్మడి కాబట్టి, ప్రతిదీ ప్రతిదానితోనూ పోలినట్టే స్కోర్లు వస్తాయి. స్కోర్లన్నీ 0.9 పైనే ఉంటాయి గానీ ఫలితాలు వచ్చే క్రమం మాత్రం పనికొస్తుంది. రెండు సెకన్లలోపు శబ్దాలకు ఇలా వేరే ఇండెక్స్ పెట్టుకుని, వాటిని వాటితోనే పోలుస్తున్నాను. పొడవాటి వాటితో కలిపితే మాత్రం అంతా కంగాళీ.

స్కోర్ గురించి ఒక్క మాట. ఇంత దాటితే ఒకేలాంటివి అనే గీత ఏదీ లేదు. వానకి 0.8 మామూలు స్కోర్, తలుపులకి అదే చాలా మంచి స్కోర్ కావచ్చు. నేను స్కోర్ చూడను, ఫలితాల క్రమమే చూస్తాను. 0.99 దాటితే మాత్రం ఆగి చూస్తాను, అది సాధారణంగా ఒకే ఫైల్ రెండు ఫోల్డర్లలో ఉండటమే. డూప్లికేట్లు ఏరడానికి దీన్ని మించినది నాకు తెలియదు.

ఇక నిజంగా పని ఎలా సాగుతుందో ఒక వాన ఉదాహరణతో చెబుతాను. ఒక సీరియల్లో రేకుల ఇల్లు, లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, పైన వాన. లొకేషన్ ట్రాక్‌లో డైలాగ్ లేని వాన ఆరు సెకన్లే ఉంది. సీన్ మొత్తానికీ సరిపడా అదే వాన కావాలి. డైరెక్టర్‌కి లొకేషన్ వాన చెవికి అలవాటైపోయింది, వేరేది పెడితే ఒప్పుకోడు.

ఆ ఆరు సెకన్లూ యథాతథంగా ఇచ్చాను. మొదటి ఫలితాల్లో జనరేటర్లు, ఫ్రిజ్‌లు, ఒక పంపుసెట్టు వచ్చాయి. కారణం వెంటనే తెలిసింది: లొకేషన్‌లో దూరంగా జనరేటర్ నడుస్తోంది. మన చెవి దాన్ని పక్కన పెట్టి వాన వింటుంది. మోడల్‌కి అలా పక్కన పెట్టడం రాదు, ముక్కలో ఉన్నదంతా కలిపే అంకెలు తీస్తుంది. 200 హెర్ట్జ్ కింద అంతా కోసేసి మళ్లీ ఇచ్చాను. ఈసారి వానలే వచ్చాయి: రేకుల మీద వాన, గొడుగు మీద వాన, కారు టాపు మీద వాన. మొదటి పదిలో నాలుగు మా సొంత రికార్డింగులు, పేరు లేనివి. ఈ పద్ధతి లేకపోతే అవి హార్డ్ డిస్క్‌లోనే ముసలివైపోయేవి.

అయినా వాటిలో ఏదీ అతకలేదు. అన్నీ రేకుల వానలే, కానీ ఒకటి బాగా మొద్దుగా, ఒకటి బయటి నుంచి తీసినట్టు, ఒకటి చినుకు చినుకుగా ఉన్నాయి. ఇక్కడే ఈ మోడల్ స్వభావం బయటపడుతుంది. దీనికి శబ్దాలతో పాటు వాటిని వర్ణించే ఇంగ్లిష్ వాక్యాలు చూపించి నేర్పించారు. కాబట్టి అది ముఖ్యంగా పట్టుకునేది "ఇది ఏమిటి" అన్నది. మాకు కావలసింది చాలాసార్లు "ఇది ఎలా వినిపిస్తోంది" అన్నది. ఈ రెండూ ఒకటి కావు. ఫోలీ అనే పనంతా నిలబడింది ఆ తేడా మీదే. తెర మీద ఒకటి, మైకు ముందు ఇంకొకటి.

అందుకని రెండో కొలత ఒకటి పెట్టుకున్నాను, చాలా పాతది, ఏ నేర్పూ అక్కర్లేనిది. ప్రతి ముక్కకీ 20 ఎంఎఫ్‌సీసీలు, వాటి సగటు, వాటి ఊగిసలాట, మొత్తం 40 అంకెలు. అంటే శబ్దం రంగు మాత్రమే, అర్థం ఏమీ లేదు. క్లాప్ ఇచ్చిన మొదటి 200 ఫలితాలను ఈ కొలతతో మళ్లీ వరుస పెడతాను. వాన విషయంలో ఎక్కడో నూట చిల్లర స్థానంలో ఉన్న ఒక ముక్క ఒక్కసారిగా రెండో స్థానానికి వచ్చింది. తెరిచి చూస్తే మా వంటింటి ఫోల్డర్‌లోది: చిటపటలాడుతున్న ఉల్లిపాయ వేపుడు. గరిటె తగిలిన చోట్లు కోసేసి, సొంత రేకుల వాన ఒకదాని మీద తక్కువ లెవెల్‌లో పరిచాను. లొకేషన్ ముక్కకీ దీనికీ మధ్య అతుకు ఎక్కడుందో మిక్స్‌లో ఎవరూ కనిపెట్టలేదు. క్లాప్ ఒక్కదాన్నే నమ్ముకుంటే అది వంటింట్లోనే ఉండిపోయేది. ఎంఎఫ్‌సీసీలు మాత్రమే వాడి లక్ష ఫైళ్లలో వెతికితే చప్పట్లు, జలపాతం, టీవీ గరగర అన్నీ కలగాపులగంగా వస్తాయి. ముందు అర్థంతో వల వేసి, తర్వాత రంగుతో ఏరడమే నాకు కుదిరిన దారి.

చిరాకు పెట్టేవి ఇంకో రెండున్నాయి. ఒకటి, ఒకే రికార్డింగ్ నుంచి వచ్చిన టేకులు ఫలితాలన్నీ ఆక్రమిస్తాయి. ఇరవై టేకుల అడుగుల చప్పుడు ఉంటే మొదటి ఇరవై అవే. ఫోల్డర్‌కి రెండుకి మించి చూపించకుండా కట్టడి చేశాక గానీ ఊపిరాడలేదు. రెండోది కాస్త విచిత్రం. కొన్ని ఫైళ్లు ఏది అడిగినా వచ్చేస్తాయి. గంట అడిగినా, బస్సు అడిగినా అదే ఖాళీ గది రూమ్ టోన్. ఇలా ఎక్కువ అంకెల వరుసలతో పోల్చినప్పుడు కొన్ని ముక్కలు అందరికీ పొరుగువాళ్లయిపోవడం తెలిసిన సమస్యే. కనిపెట్టడం తేలిక. లైబ్రరీలోని ప్రతి ముక్కతోనూ వెతికించి, ఏది ఎన్నిసార్లు ఇతరుల మొదటి 30లో వచ్చిందో లెక్క పెట్టించండి. పై వరుసలో నిలిచేవి నా దగ్గర దాదాపు అన్నీ నిశ్శబ్దానికి దగ్గరగా ఉన్న ముక్కలే. వాటిని ఇండెక్స్ నుంచి తీసేశాను. మొత్తం లైబ్రరీ సగటు వరుసను ప్రతి ముక్క నుంచీ, ప్రశ్న నుంచీ తీసేసి, తర్వాత నార్మలైజ్ చేసినా ఈ బెడద తగ్గుతుంది.

కొన్ని విషయాలు అసలు అడగకూడదు. మోడల్ మోనోలోనే వింటుంది కాబట్టి స్టీరియో ఎంత వెడల్పుగా ఉందో దానికి తెలియదు. 14,000 హెర్ట్జ్ దాటినదేదీ దాని లెక్కలోకి రాదు, కాబట్టి అతి సన్నని కీచుదనం కోసం దీన్ని అడిగి లాభం లేదు. మన చుట్టూ ఉన్న శబ్దాల్లో కూడా తడబాటు ఉంది. నిలబడి ఉన్న ఆటో ఇంజన్ ఇస్తే గడ్డి కోసే మిషన్లు, మోటార్ పడవలు తెస్తుంది. అయితే మా సొంత ఆటోల రికార్డింగులు లైబ్రరీలో చేరాక, అవే ముందు వస్తున్నాయి. మోడల్‌కి ఆటో తెలియకపోయినా, ఒక ఆటోకి ఇంకో ఆటో దగ్గరని అంకెల్లో తెలుస్తుంది.

మా డైరెక్టర్లు కొందరు నోటితో చేసి చూపిస్తారు: "ఫట్ కాదన్నా, ఠప్ అని రావాలి." అది మైకులో రికార్డ్ చేసి దాన్నే ప్రశ్నగా ఇస్తే ఎలా ఉంటుందా అని చూశాను. క్లాప్ నిజాయితీగా దగ్గు, తుమ్ము, నాలుకతో చేసిన చప్పుళ్లు తెచ్చిపెట్టింది. మనిషి నోరని గుర్తుపట్టింది, అందులో తప్పేమీ లేదు. ఎంఎఫ్‌సీసీలతో చిన్న శబ్దాల ఇండెక్స్‌లో వెతికితే మాత్రం అప్పుడప్పుడు ఒక చెంపదెబ్బ, ఒక పెట్టె మూత దొరుకుతున్నాయి. ప్రస్తుతానికి ఆ పనికి దాన్నే వాడుతున్నాను.